తరగతి ఫోటోల నుంచి బొమ్మలు: తల్లిదండ్రులకు ఆరు నిమిషాల్లో ఎలా చెప్పాలి

మీ తరగతి పిల్లలు బడిలో చేసిన పనుల గురించి సొంత మాటల్లో రాశారు. దాన్ని చిన్న పుస్తకంగా వేద్దామనుకున్నారు. అందులో పిల్లల ఫోటోలు కాకుండా, ఆ ఫోటోలు చూసి గీసిన బొమ్మలు పెట్టాలనుకున్నారు. అయితే ఫోటో తీయక ముందే ఈ సంగతి తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాలి. వాళ్లు సరేనన్న పిల్లలకే ఫోటో తీయాలి. ఆ నాలుగు మాటలు ఎలా సిద్ధం చేసుకోవాలో, ఎలా చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణగా ఒక ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతిని తీసుకుందాం. కొలతల పాఠం జరుగుతోంది. వరండాలో ఆరుగురు పిల్లలు త్రాసుతో వంకాయలు తూస్తున్నారు. మనకు కావలసింది ఆ ఫోటో.

అన్నిటికన్నా ముందు ఒక మాట. "బొమ్మే కదండీ, ఎవరూ గుర్తుపట్టరు" అని మాత్రం చెప్పకండి. అది నిజం కాదు. ఫోటో మీద కాగితం పెట్టి గీసిన బొమ్మలో పిల్లలు కూర్చునే తీరు, పొడుగు పొట్టి తేడాలు, జడ వేసుకునే పద్ధతి అన్నీ అలాగే దిగిపోతాయి. వెనక నుంచి చూసినా తల్లి తన బిడ్డను పోల్చుకుంటుంది. ఊళ్లో వాళ్లకు కూడా అదేమంత కష్టం కాదు. కాబట్టి మీరు చెప్పాల్సింది రెండు సంగతులు: మేం ఏమేం మారుస్తాం, ఎంత మార్చినా మా చేతిలో లేనిది ఏమిటి.

మాట్లాడే ముందు మీకు తెలిసి ఉండాల్సినవి

ఫోటో ఎవరు తీస్తారు, ఏ ఫోన్‌తో? బొమ్మ ఎవరు గీస్తారు? ఫోటో ఎప్పుడు తీసేస్తారు? పుస్తకం ఎక్కడెక్కడికి వెళ్తుంది? తల్లిదండ్రులు అడిగేవి ఇవే. వీటిలో ఒక్కదానికి జవాబు తేలకపోయినా ఆ సమావేశంలో ఈ విషయం ఎత్తకండి, వచ్చే నెలకు వాయిదా వేయండి. "చూద్దాం లెండి" అన్న మాట మీద ఎవరూ సంతకం పెట్టకూడదు.

ఫోన్ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. బడి ట్యాబ్ ఉంటే దాంతోనే తీయండి. సొంత ఫోన్ తప్పదంటే ముందు కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి లొకేషన్ నమోదు చేసే ఆప్షన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫోటో ఫైల్‌లోనే నమోదవుతుంది. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ కూడా ఆపండి. లేకపోతే మీరు ఫోన్ పక్కన పెట్టేలోపే ఫోటో మీ ఖాతాలోకి చేరుతుంది, అదే ఖాతా వాడే ఇంట్లో వాళ్ల ఫోన్‌లోనూ కనిపిస్తుంది.

ఇక చాలామందికి తట్టని చోటు జిరాక్స్ షాపు. ట్రేస్ చేయడానికి ఫోటో ప్రింట్ కావాలని షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపుతాం. ప్రింట్ మన చేతికి వస్తుంది, ఫోటో మాత్రం షాపు కంప్యూటర్‌లో ఉండిపోతుంది. దాన్ని ఎవరు తీసేస్తారు? దీనికి తేలికైన దారి ఉంది, ప్రింటే వద్దు. ట్యాబ్‌లో ఫోటో తెరిచి, స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి, దాని మీదే ట్రేసింగ్ కాగితం అతికించి మెత్తటి పెన్సిల్‌తో గీయండి. చెయ్యి తగిలితే ఫోటో జరిగిపోతుంది కాబట్టి చెయ్యి ఆనించే చోట ఒక అట్ట ముక్క పెట్టుకోండి. పది అంగుళాల ట్యాబ్ మీద వచ్చే బొమ్మ ఏఫోర్ కాగితాన్ని సగానికి మడిచిన సైజు పుస్తకానికి దాదాపు సరిపోతుంది.

డ్రాయింగ్ యాప్‌లో గీసే అలవాటు ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. ఫోటోను కింది లేయర్‌లో పెట్టి, దాన్ని పల్చబరిచి, పై లేయర్‌లో గీస్తారు. గీయడం అయ్యాక ఫోటో లేయర్‌ను కనబడకుండా దాచి, అదే ఫైల్‌ను ఇంకొకరికి పంపుతారు. అవతలివాళ్లు ఒక్క నొక్కు నొక్కితే కింద ఫోటో మళ్లీ కనిపిస్తుంది. లేయర్‌ను దాచడం కాదు, తీసేయాలి. బయటికి ఇచ్చేది మామూలు బొమ్మ ఫైలే కావాలి. కొన్ని యాప్‌లు గీసిన క్రమమంతా తమంతట తామే వీడియోగా దాచుకుంటాయి. ఆ వీడియో మొదట్లో పిల్లల ఫోటో ఉండొచ్చు, చూసి అదీ తీసేయండి.

ఫోటో వేస్తే కార్టూన్ చేసి ఇచ్చే యాప్‌ల జోలికి మాత్రం ఈ పనికి వెళ్లకండి. అలాంటి వాటిలో చాలావరకు ఫోటోను కంపెనీ సర్వర్‌కు పంపి, అక్కడ బొమ్మ చేయించి తెస్తాయి. అక్కడ ఫోటో ఎన్నాళ్లు ఉంటుందో, దేనికి వాడతారో మీరు తల్లికి చెప్పలేరు. చెప్పలేని దానికి అనుమతి అడగకూడదు.

చూపించడానికి మూడు కాగితాలు

ఉత్త మాటలతో ఈ సంగతి అర్థం కాదు. ముందు, తర్వాత ఎలా ఉంటుందో చూపించాలి. ఇక్కడే తెలియకుండా చేసే పొరపాటు ఒకటుంది. నమూనా కోసమని ఒక పిల్లవాడి ఫోటో తీసుకుని, దాన్ని అందరి ముందూ పట్టుకుని "ఇదిగో, దీన్ని ఇలా మారుస్తాం" అంటాం. ఆ ఇంటివాళ్లను అడగకముందే ఆ ఫోటో పదిమందికీ చూపించేశాం కదా! నమూనాకు మీ ఫోటోనే వాడండి. మీరే వరండాలో కూర్చుని త్రాసు పట్టుకుంటే తోటి టీచర్ తీస్తారు. మొదటి కాగితం మీద ఆ ఫోటో, రెండో దాని మీద మొహం ఖాళీగా వదిలిన పెన్సిల్ గీతలు, మూడో దాని మీద పూర్తయిన బొమ్మ. వెనక వరుస వారికి కూడా కనబడేంత పెద్దవిగా చేయించండి.

మాట

కింద ఇస్తున్నది నెమ్మదిగా చెబితే ఆరు నిమిషాలు పడుతుంది. మీ బడికి తగ్గట్టు మార్చుకోండి. చూసి చదవకండి, మూడు కాగితాలూ చేతిలో పట్టుకుని మాట్లాడండి.

"అందరికీ నమస్కారం. అమ్మలు, నాన్నలు, పిల్లల తరఫున వచ్చిన నానమ్మలు, తాతయ్యలు, కాస్త ముందుకు వచ్చి కూర్చోండి. మీకు చూపించాల్సినవి ఉన్నాయి.

మన నాలుగో తరగతి పిల్లలు బడిలో చేసిన పనుల గురించి రాస్తున్నారు. కూరగాయలు తూచడం, మొక్కలకు నీళ్లు పోయడం, ఇలాంటివి. దాన్ని పదహారు పేజీల పుస్తకంగా కుడుతున్నాం. పిల్లలకు తలా ఒకటి ఇస్తాం, బడిలో ఐదు ఉంచుకుంటాం. ఇంటర్నెట్‌లో పెట్టం. మన వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టం.

పుస్తకంలో ఫోటోలు ఉండవు, బొమ్మలు ఉంటాయి. అవి ఎలా వస్తాయో చూడండి. ఇది నా ఫోటో. దీని మీద పల్చటి కాగితం పెట్టి నా చేతులు, త్రాసు, నేను కూర్చున్న తీరు గీశాను. ఇదిగో రెండో కాగితం. ఇందులో మొహం గీయలేదు, ఖాళీగా వదిలేశాను. ఆ తర్వాత ఫోటో పక్కన పెట్టేసి మొహం, జుట్టు, బట్టలు మనసులో ఊహించుకుని గీశాను. ఇది మూడోది. చూడండి, నా కళ్లజోడు లేదు, చీర రంగు మారింది, వెనక గోడ మీద మన బడి పేరు లేదు. త్రాసు పట్టుకున్న చెయ్యి మాత్రం నాదే.

మీ పిల్లల ఫోటోలతోనూ ఇదే చేస్తాం. పిల్లలు ఏం చేస్తున్నారు, ఎలా కూర్చున్నారు, చేతిలో ఏముంది, ఇవి బొమ్మలోకి వస్తాయి. మొహం రాదు. బొమ్మ కింద పేరు రాయం. ఐడీ కార్డు, బ్యాడ్జీ, బోర్డు మీద రాసిన హాజరు, గోడ మీద ఫోన్ నంబర్లు, ఇవేవీ రావు. ఒంటి మీద దెబ్బ, మచ్చ, కట్టు ఉంటే అదీ గీయం. బొట్టు, టోపీ, మెడలో గొలుసు లాంటివి ఎవరివి వాళ్లకే ఉంచం, కలిపేస్తాం. బొమ్మ చూసి ఇది ఫలానా ఇంటి పాప అని చెప్పేలా ఉండకూడదని మా ప్రయత్నం.

అయినా ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎంత మార్చినా, రోజూ చూసేవాళ్లు 'ఇది మన పిల్లే' అని పోల్చుకోవచ్చు. అది పూర్తిగా ఆపడం నా వల్ల కాదు. అది మీకు ఇబ్బందిగా అనిపిస్తే వద్దనండి.

ఫోటోలు బడి ట్యాబ్‌తో నేనే తీస్తాను. గీసేది నేనూ, మన డ్రాయింగ్ సారూ. ఇంకెవరికీ పంపం. సంక్రాంతి సెలవులు ఇచ్చేలోపు పుస్తకం అయిపోతుంది. ఆ రోజే ట్యాబ్‌లో ఫోటోలన్నీ తీసేస్తాను. కావాలంటే మీలో ఇద్దరు వచ్చి దగ్గరుండి చూడొచ్చు.

వద్దన్నవాళ్ల పిల్లలకు ఏ లోటూ రాదు. వాళ్లు కూడా పుస్తకంలో రాస్తారు. ఫోటో తీసే రోజు తూకాల లెక్కలు రాసే పని వాళ్లకు ఇస్తాను, ఎవరినీ పక్కకు నెట్టినట్టు ఉండదు. ఈ రోజు సరేనని రేపు వద్దన్నా పర్వాలేదు. నోటి మాటగా చెబితే చాలు. ఇళ్లకు వెళ్లిపోయిన పుస్తకాలను మాత్రం వెనక్కి తేలేను, అది ఇప్పుడే చెబుతున్నాను.

ఇప్పుడు అడగండి."

వచ్చే ప్రశ్నలు

"ఫేస్‌బుక్‌లో వేస్తారా మేడం?" అనేది ఎలాగూ వస్తుంది. వేయం అని ఒక్క ముక్కలో చెప్పండి. రేపు పైఅధికారులు పుస్తకం పీడీఎఫ్ పంపమంటే? మీరు అడిగిన అనుమతి ఇరవై ముప్ఫై కాపీలకే. పీడీఎఫ్ వేరే సంగతి, దానికి మళ్లీ అడగాలి. ఈ మాట హెచ్‌ఎం గారికి ముందే చెప్పి ఉంచండి.

నిజంగా తడబడేది దీనికి ఎదురు ప్రశ్న వచ్చినప్పుడు. "మా వాడి మొహం మొహంలాగే ఉంచండి టీచర్, రేపు పెద్దయ్యాక చూసుకుంటాడు" అని ఎవరో ఒక నాన్న అడుగుతారు. ఆ ఆశ న్యాయమైనదే, కొట్టిపారేయకండి. అయితే ఆరుగురిలో ఒక్కరి మొహం తెలిసిపోతే పక్కన కూర్చున్న ఐదుగురూ ఎవరో ఊహించడం సులువు. కాబట్టి పుస్తకంలో అందరికీ ఒకటే పద్ధతి అని చెప్పండి. వాళ్లకు గుర్తుగా కావాలంటే ఆ పిల్లవాడు ఒక్కడే ఉన్న ఫోటో విడిగా తీసి ఆ ఇంటికే ఇవ్వండి.

"పేరైనా వేయరా?" అని ఇంకొకరు అడుగుతారు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కథ రాసిన పిల్లకు తన పేరు అచ్చులో చూసుకునే హక్కు ఉంది, దాన్ని మనం లాక్కోకూడదు. అందుకే కథ కింద ఇంటిపేరు లేకుండా పేరొక్కటే వేయండి. బొమ్మలో ఉన్నది ఎవరో మాత్రం చెప్పకండి. వంకాయలు తూచిన కథ ఎవరు రాశారో, ఆ పేజీ బొమ్మ ఆ పిల్ల ఫోటో నుంచి రాకుండా చూసుకోండి.

అందరి ముందూ మాట్లాడకూడని సంగతి ఒకటి ఉంది. తరగతిలో వినికిడి మిషన్ పెట్టుకునే పిల్లో, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడో ఒక్కరే ఉంటే, బొమ్మలో ఆ మిషన్ గీయగానే అది ఎవరో అందరికీ తెలుస్తుంది. తీసేస్తే ఆ బిడ్డ తన తరగతి పుస్తకంలోనే లేకుండా పోతుంది. ఈ రెండిట్లో ఏది మేలో నిర్ణయించాల్సింది మీరు కాదు. సమావేశానికి ముందే ఆ అమ్మానాన్నలతో విడిగా మాట్లాడండి, ఆ బిడ్డనూ అడగండి. అలాగే కోర్టు కేసులో బాధితులుగానో సాక్షులుగానో ఉన్న పిల్లలు, బాలల సంక్షేమ కమిటీ సంరక్షణలో ఉన్న పిల్లలు మీ తరగతిలో ఉంటే సంతకం ఉన్నా సరే వారి ఫోటో తీయకండి. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ వారి గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. కారణం ఎవరికీ చెప్పకండి. తూకాల లెక్కలు రాసే జట్టులో వాళ్లూ ఉంటారు, అంతే.

సంతకం ఎవరిది

పద్దెనిమిదేళ్లు నిండని వారి వివరాలు డిజిటల్‌గా వాడాలంటే తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి, అది వాళ్లే ఇచ్చారని సరిచూసుకోగలిగేలా ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలిగ్గా ఉండాలని కూడా అందులో ఉంది. ఆ నియమాలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. అవి పూర్తిగా వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఇప్పటి నుంచే ఆ పద్ధతి పాటించవచ్చు.

పత్రం తెలుగులో, ఒక పేజీ దాటకుండా ఉండాలి. మీరు చెప్పిన విషయాలే అందులో ఉండాలి: ఏ పనికి, ఎన్ని కాపీలు, ఏది బొమ్మలోకి రాదు, ఫోటో ఎప్పుడు తీసేస్తారు. కింద "సరే", "వద్దు" రెండిటికీ ఒకే సైజు గడులు పెట్టండి. చదవడం రానివారికి ఇంకో తల్లి చేత పత్రం పూర్తిగా చదివించి, వేలిముద్ర తీసుకోండి. చదివిన ఆమె కూడా పక్కన సంతకం చేయాలి.

సమావేశానికి నానమ్మే వచ్చింది, అమ్మానాన్నలు పనికి హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. మన బళ్లలో ఇది మామూలే. నానమ్మకు అంతా వివరంగా చెప్పండి, కానీ ఆమె వేలిముద్రతో పని ముగించకండి. అక్కడే నాన్నకు వీడియో కాల్ చేసి, పత్రం చదివి వినిపించి, సంతకం చేసిన కాగితం ఫోటో తీసి పంపమనండి. అది వచ్చేదాకా ఆ బిడ్డ ఫోటోలో ఉండదు.

ఫోటో తీసే రోజు, గీసే రోజు

మన ఉదాహరణకు వద్దాం. తరగతిలో అనుమతి వచ్చిన ఆరుగురు వరండాలో త్రాసు చుట్టూ కూర్చున్నారు. "మీకూ ఇష్టమేనా?" అని ముందు పిల్లల్ని అడగండి. వెనక్కి జరిగిపోయిన పిల్లను బలవంతం చేయొద్దు. కెమెరా ఎత్తే ముందు వెనక ఏముందో చూడండి. నల్లబల్ల మూలన తేదీ, తరగతి, బాలురు ఎందరు, బాలికలు ఎందరు అని రాసి ఉంటుంది, చెరిపేయండి. గోడ మీద మధ్యాహ్న భోజనం మెనూ, దాని పక్కన బడి పేరు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. పిల్లల్ని రెండు అడుగులు ఇటు జరిపి, ఉత్త గోడ వెనక ఉండేలా కూర్చోబెట్టండి. ఫోటోలో పడనిది బొమ్మలో పొరపాటున కూడా రాదు.

ఆరుగురిలో ఒక పిల్లకు చేతికి పిండికట్టు ఉంది. ఒక పిల్లవాడు అందరికన్నా జానెడు పొడుగు. కట్టు గీయకుండా వదిలేస్తే పోతుంది, కానీ ఆ పిల్ల చెయ్యి ఎత్తి పట్టుకున్న తీరు అలాగే మిగిలి విషయం చెప్పేస్తుంది. ఆ చెయ్యి ఇంకో ఫోటోలోని పిల్ల నుంచి తెచ్చి గీయండి. పొడుగు పిల్లవాడిని ముందుకు వంగి కూర్చున్నట్టు గీస్తే తేడా తెలియదు. ఇద్దరు పిల్లల జడలు మార్చండి. యూనిఫాం రంగు కూడా మార్చండి, రంగును బట్టి బడి తెలిసిపోయే ఊళ్లు ఉన్నాయి. త్రాసు, వంకాయలు, తూకపు రాళ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే గీయండి. పాఠం అక్కడే ఉంది.

బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. దాన్ని మధ్యాహ్న భోజనం వండే అక్కకు చూపించి "ఎవరెవరో చెప్పగలవా అక్కా?" అని అడగండి. రోజూ పళ్లెంలో అన్నం పెట్టే మనిషి కాబట్టి ప్రతి పిల్లనూ నడకతో సహా ఎరుగుతుంది. ఆమె వెంటనే ఒక పేరు చెప్పిందంటే "దేన్ని బట్టి?" అని అడగండి. "ఆ కూర్చోవడం చూడు, అచ్చం అదే" అంటే కూర్చున్న తీరు మార్చాలి. ఆమె ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి తేల్చుకోలేకపోతే ఆ బొమ్మ పుస్తకంలోకి వెళ్లొచ్చు.

పుస్తకం కుట్టడం అయ్యాక ఫోటోలు తీసేయడం మీరిచ్చిన మాట. గ్యాలరీలో డిలీట్ చేస్తే అవి వెంటనే పోవు, చెత్తబుట్టలోకి వెళ్తాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో 60 రోజుల దాకా అక్కడే ఉంటుంది. కాబట్టి చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి. పెన్సిల్‌తో ట్రేస్ చేసిన కాగితాల్లో కూర్చున్న తీరు మార్చకముందు గీసినవి ఉంటాయి, వాటినీ చింపేయండి. రమ్మన్న ఇద్దరు అమ్మల ముందే ఇదంతా చేసి, రిజిస్టర్‌లో తేదీ వేసి వాళ్ల సంతకం తీసుకోండి.

నెల రోజుల తర్వాత ఒక తల్లి వచ్చి "వద్దనుకున్నాం టీచర్" అంటే, ఎందుకని అడగకండి. బడిలో ఉన్న ఐదు పుస్తకాల్లో ఆ పేజీ తీసి, ఆ పిల్ల లేని బొమ్మతో కొత్త పేజీ కుట్టండి. ఒరిజినల్ బొమ్మలో ఆ పిల్ల ఉన్న భాగం చెరిపేసి ఆమెకు చూపించండి. ఇళ్లకు వెళ్లిన కాపీల గురించి ఆ రోజు సమావేశంలో చెప్పిన మాటే మళ్లీ చెప్పి, కొత్త పేజీ జిరాక్స్ తీసి ఆ ఇళ్లన్నిటికీ పంపండి. మార్చుకోవడం, మానడం వాళ్ల ఇష్టమని తల్లికి ముందే చెప్పండి.